సందేహాలు – సమాధానాలు: ఈస్టర్ పున్నమి ఏ నెలది?

"మా ఊరి చర్చి ప్రకటన పత్రంలో ఏటా 'వసంత విషవత్తు తరవాత వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్' అని అచ్చువేస్తారు. 2019లో విషవత్తు మార్చి 21న, పున్నమి కూడా ఆ రోజే. అంటే ఈస్టర్ 24న రావాలి. వచ్చింది ఏప్రిల్ 21న. తప్పు వాక్యానిదా, లెక్కదా? విషవత్తు అనాలా, విషువం అనాలా?" – ఒక పాఠకుడు, పాలకొల్లు

ముందు చిన్న ప్రశ్న తేల్చేస్తాను. 'విషవత్తు' మాత్రం అనకండి, అందులో విషం లేదు. 'విషు' అంటే రెండు వైపులా సమానంగా అని. పగలూ రాత్రీ సమానమైన కాలానికి అమరసింహుడు రెండు పేర్లూ ఇచ్చాడు: "సమరాత్రిందివే కాలే విషువద్విషువం చ తత్". కాబట్టి విషువత్తు అన్నా సరే, విషువం అన్నా సరే. నా నోటికి విషువం తేలిక.

పెద్ద ప్రశ్నకు జవాబు మీరు అడగని మాటలో ఉంది. అది 'నెల'.

నెల అంటే మొదట చంద్రుడు. ఆ తరవాతే ముప్పై రోజుల కాలం. తమిళుల నిలా, మలయాళుల నిలావు దీనికి తోబుట్టువులు. మనం మాత్రం చంద్రుణ్ణి మరిచి కాలాన్ని మిగుల్చుకున్నాం. అయినా పాత అర్థం చావలేదు. నెలవంకలో వంకర తిరిగింది చంద్రుడు. నెలపొడుపులో పడమట పొడిచేది చంద్రుడు. నెలతాలుపు అంటే నెలను తలమీద తాల్చిన శివుడు. వెలి అంటే తెలుపు, వెలిదామరలో ఉన్నది అదే. ఆ తెలుపు నెలతో కలిసి వెన్నెల అయింది. కన్నడిగులూ తమిళులూ తింగళు అనే ఇంకో మాటతో ఇదే పని చేశారు, వాళ్లకూ చంద్రుడూ మాసమూ ఒకే మాట. సంస్కృతంలో మాసానికీ చంద్రమసుడికీ ఉన్న చుట్టరికం సంగతి చెప్పనక్కరలేదు. కాలాన్ని కొలవడానికి మనిషి చేతికి మొదట దొరికిన కొలబద్ద చంద్రుడే కాబట్టి ఇన్ని భాషల్లో ఇదే జరిగింది.

'జనవరి నెల' అని రాసే ప్రతిసారీ నాకు కొంచెం బాధగా ఉంటుంది. జనవరికి చంద్రుడితో పొత్తు లేదు. అమావాస్య ఒకటో తేదీన రావచ్చు, ఇరవయ్యిన రావచ్చు. ఇప్పుడు ఆ వాడుకను ఎవరూ మార్చలేరు, నేనూ అలాగే రాస్తాను. కానీ నెల అంటే చంద్రుడని మనసులో లేకపోతే ఈస్టర్ లెక్క అర్థం కాదు. ఆ లెక్కంతా సూర్యుడి ఏడాదిలోకి చంద్రుడి నెలను ఇమిడ్చే ప్రయత్నమే.

ఇబ్బంది ఎక్కడంటే, పన్నెండు నెలలు కలిపితే 354 రోజులు. ఏడాదికి 365. ఏటా పదకొండు రోజులు చంద్రుడు ముందుకు జరిగిపోతాడు. మన పంచాంగకర్తలు అధిక మాసం వేసి దాన్ని సరిచేస్తారు. పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు పడతాయి, మొత్తం 235 నెలలు. పందొమ్మిదేళ్లు గడిచాక పున్నములు దాదాపు అవే తేదీలకు తిరిగి వస్తాయి. చర్చివారి లెక్కకూ పునాది ఈ పందొమ్మిదే. ఏడాదిని 19తో భాగించి, శేషానికి ఒకటి కలిపితే వచ్చేదాన్ని సువర్ణ సంఖ్య అంటారు. 2019ని భాగిస్తే శేషం 5, కనుక సువర్ణ సంఖ్య 6.

ఇక మీరు అడిగిన సంవత్సరం చూద్దాం. చర్చి పట్టిక ప్రతి ఏటికీ జనవరి ఒకటిన చంద్రుడి వయసు ఎంతో చెబుతుంది, అంటే నెలపొడుపు అయి ఎన్నాళ్లయిందో. 1900 నుంచి 2199 దాకా సువర్ణ సంఖ్య 1 అయిన ఏట ఆ వయసు 29 రోజులు. 2014 అలాంటి ఏడు. తరవాత ఏటా పదకొండు కలుపుతూ, ముప్పై దాటితే ముప్పై తీసేస్తూ రావాలి. 2015కు 10, 2016కు 21, 2017కు 2, 2018కి 13, 2019కి 24. ఈ వయసును 44లోంచి తీసేస్తే పున్నమి మార్చిలో ఎన్నో తేదీనో వస్తుంది.

ముందు 2018ని పరీక్షించండి. 44లో 13 పోతే 31. మార్చి 31 శనివారం, మర్నాడు ఏప్రిల్ 1 ఈస్టర్. ఆకాశంలో కూడా ఆ ఏడు పున్నమి మార్చి 31నే.

2019కి 44లో 24 పోతే 20. మార్చి 20న పున్నమి. చర్చి విషువాన్ని మార్చి 21కి కట్టేసింది, పున్నమి 21న గానీ ఆ తరవాత గానీ రావాలి. ఒక్క రోజు తక్కువైంది. ఆ పున్నమి చెల్లదు, తరవాతి పున్నమికి పోవాలి. ముప్పై కలిపితే ఏప్రిల్ 19 రావాలి. కానీ 1582కు ముందు నడిచిన పాత పట్టికలో పున్నమికి చివరి హద్దు ఏప్రిల్ 18. దాన్ని దాటకూడదని ఆ ఒక్క నెలను 29 రోజులకు కుదించారు. ఏప్రిల్ 18 గురువారం, తరవాతి ఆదివారం 21. ఆ ఏడు పండుగ వచ్చింది ఆ రోజే.

మన పంచాంగంలో చెప్పుకుంటే, మీరు అనుకున్నది కాముని పున్నమి, చర్చి తీసుకున్నది చైత్ర పున్నమి. మధ్యలో ఏప్రిల్ 6న ఉగాది వచ్చింది. చైత్ర పున్నమి ఏప్రిల్ 19న, మంచి శుక్రవారం నాడే పడింది.

"ఆకాశంలో పున్నమి 21న అయితే పట్టిక 20 అనడం ఏమిటి?" అని మీరు అడగవచ్చు. పున్నమి అనేది రోజు కాదు, క్షణం. ఆ ఏడు ఆ క్షణం మన గడియారంలో మార్చి 21 ఉదయం 7 గంటల 13 నిమిషాలకు వచ్చింది. విషువం అదే రోజు తెల్లవారుజామున 3 గంటల 28 నిమిషాలకు. రెంటికీ మధ్య నాలుగు గంటలు కూడా లేవు. అదే క్షణాల్లో న్యూయార్క్‌లో ఇంకా 20వ తేదీ సాయంత్రమూ రాత్రీ నడుస్తున్నాయి. ఎవరి ఊరి ఆకాశాన్ని బట్టి పండుగ చేయాలి? అన్ని ఊళ్లకూ ఒకే ఆదివారం కావాలంటే ఆకాశాన్ని వదిలి పట్టికను పట్టుకోక తప్పలేదు. ఒకే ఆదివారం కావాలన్న తీర్మానం 325లో నిసయాలో కూడిన క్రైస్తవ సభది. పట్టిక తరవాత స్థిరపడింది. అది పాతబడి, 1582 నాటికి అసలు విషువం మార్చి 11కి జారిపోయింది. అప్పుడు పోపు గ్రెగొరీ పది రోజులు తీసేయించాడు. అక్టోబరు 4 మర్నాడు 15 అయింది. ఇప్పుడు మనం వాడుతున్నది అప్పుడు సరిచేసిన పట్టికే. పాత పట్టికనే పట్టుకున్న తూర్పు ఆర్థడాక్స్ వారికి 2019 ఈస్టర్ ఏప్రిల్ 28న వచ్చింది.

పట్టికను మాని, యెరూషలేము ఆకాశాన్ని ఆధారం చేసుకుని నిజమైన విషువం, నిజమైన పున్నమి లెక్కిద్దామని 1997లో అలెప్పోలో కూడిన చర్చిల సమావేశం సూచించింది. అది అమలు కాలేదు. అమలయి ఉంటే 2019లో మీ మార్చి 24 నిజమయ్యేది.

ఈ పందొమ్మిదేళ్ల వరసనే ఇంకాస్త సాగదీయండి. 2000లోనూ సువర్ణ సంఖ్య 6, పట్టిక పున్నమి ఏప్రిల్ 18. కానీ అప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే మార్చిలో ఆకాశపు పున్నమి విషువం కంటే మూడు గంటల ముందే అయిపోయింది. 2019లో అదే పున్నమి విషువం గడప దాటి ఇవతల పడింది. 2038లో మళ్లీ సువర్ణ సంఖ్య 6, మళ్లీ మార్చి 21నే పున్నమి, మీ ఉత్తరం మళ్లీ రాయవలసి వస్తుంది. ఆ ఏడు ఇంకో చిక్కు కూడా ఉంది. పట్టిక పున్నమి అయిన ఏప్రిల్ 18 ఆదివారం. పున్నమి ఆదివారమే అయితే పండుగ తరవాతి ఆదివారానికి పోవాలి. అందుకని ఈస్టర్ ఏప్రిల్ 25న వస్తుంది. మన పట్టికలో అంతకంటే ఆలస్యంగా ఈస్టర్ ఎన్నడూ రాదు. 18కి ఏడు కలిపితే 25, హద్దు అక్కడితో సరి.

పట్టిక ఆకాశాన్ని పూర్తిగా వదిలేసిందని మాత్రం అనుకోకండి. మన గోదావరి సీమలో ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లే అలవాటు ఉంది కదా. ముందురోజే సున్నం కొట్టిన సమాధులు, వాటిమీద వరసగా కొవ్వొత్తులు, బంతి రేకులు. గాలి వస్తే కొవ్వొత్తికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఓసారి తలెత్తి చూడండి. చంద్రుడు ఉంటాడు. పండుగ పున్నమి తరవాతి ఆదివారం కాబట్టి కృష్ణపక్షపు చంద్రుడు ఆ వేళకు పడమటి వైపుకో దక్షిణంగా నడినెత్తికో చేరి ఉంటాడు. ఎంత తరిగాడో చూస్తే పున్నమి దాటి ఎన్నాళ్లయిందో ఇట్టే తెలుస్తుంది. పున్నమి పోటును చూసి పడవ కట్టే రేవులవారికి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. 'ఫుల్ మూన్ డే' అని ఫోనులో చూసుకునే పిల్లలకు చెప్పాలి.

పున్నమి మాట గురించి ఒక్క ముక్క. పూర్ణిమ ప్రాకృతంలో పుణ్ణిమ అయి, మన దగ్గరికి పున్నమిగా వచ్చింది. పౌర్ణమి సంస్కృతానికి దగ్గరగా ఉంది కదా అని అదే గొప్పదనుకోవడం పొరపాటు. యూదుల పండుగ పేరు పస్కా కూడా అలాగే హీబ్రూ పెసహ్ నుంచి అరమాయికు, గ్రీకుల మీదుగా మనకు చేరింది. దాన్నీ ఎవరూ వెనక్కి దిద్దరు.

ఇక తీర్పు. మీ పత్రంలోని వాక్యం తప్పని అనలేను. ఇంగ్లీషువారూ అలాగే రాస్తారు, రోజువారీ మాటకు అది చాలు. కానీ 'పున్నమి' అని ఒట్టిగా రాస్తే చదివినవాడు పంచాంగం తీస్తాడు, లేదా డాబా ఎక్కుతాడు. రెండుచోట్లా మోసపోయే ఏళ్లు కొన్ని ఉన్నాయి. నన్నడిగితే ఇలా రాయమంటాను: "మార్చి 21న గానీ ఆ తరవాత గానీ వచ్చే లెక్క పున్నమి దాటిన మొదటి ఆదివారం." 'లెక్క పున్నమి' నిఘంటువుల్లో ఉన్న మాట కాదు, నేను కట్టింది. ఇంతకంటే మంచి మాట మీ ఊళ్లో ఎవరి నోటనైనా ఉంటే అదే అచ్చువేయండి, నాకూ ఒక కార్డు ముక్క రాయండి. 'విషవత్తు' మాత్రం ఈ ఏడే దిద్దించండి.