పార్సిల్‌కు 65 కాదు, 13 రూపాయలే

"మాది హనుమకొండ. ఆయన ప్రైవేటు ఉద్యోగి, ఇంటి ఖర్చు నెలకు 22 వేలు. ఎఫ్‌డీలో 80 వేలున్నాయి. అది తీసి, బంగారం మీద 3 లక్షలు తెచ్చి, ఫుడ్ డెలివరీ యాప్ ఆర్డర్లకే వండి పంపే క్లౌడ్ కిచెన్ పెడదామనుకుంటున్నాను. 40 ఐటమ్స్ అనుకున్నాం. చికెన్ బిర్యానీ 200. యాప్ కమిషన్ 25 శాతం, సరుకులు 85 పోతే 65 మిగులుతుంది కదా?"

మిగలదమ్మా. నాకు వచ్చే క్లౌడ్ కిచెన్ లెక్కల్లో చాలావరకు ఈ తప్పే ఉంటుంది.

కొత్త కిచెన్‌కు ఆర్డర్లు రావాలంటే డిస్కౌంట్ పెట్టక తప్పదు. 40 తగ్గించారనుకుందాం, అది మీ జేబులోంచే. మిగిలిన 160 మీద కమిషన్ 40. ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 7.20. మీ చేతికొచ్చేది 112.80. సరుకులు 85, డబ్బా, రైతా కప్పు, సాలన్ కప్పు, కవర్, టేపు కలిపి 15. చివరికి 12.80. గ్యాస్, యాప్‌లో ప్రకటన ఖర్చు ఇంకా కలపలేదు. ప్యాకింగ్ చార్జీ విడిగా వేస్తే దాని మీదా కమిషన్ పడుతుందేమో ఒప్పందంలో చూసుకోండి.

రోజుకు 20 ఆర్డర్లు వచ్చినా నెలకు 7,680. నెలకు రూపాయి వడ్డీ అనుకుంటే 3 లక్షలకు 3 వేలు అందులోంచే పోతుంది. సహాయకురాలికి జీతం ఎక్కడి నుంచి ఇస్తారు? బంగారం కుదువ పెట్టి కస్టమర్లకు డిస్కౌంట్లు ఇవ్వడం నాకు ఏమాత్రం మింగుడు పడదు. వద్దు.

ఎఫ్‌డీ జోలికీ వెళ్లకండి. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 1,32,000 ఉండాలి, ఇప్పుడే 52 వేలు తక్కువ. యాప్ డబ్బు వారానికోసారి వస్తుంది, చికెన్ షాపుకు మాత్రం రోజూ ఇవ్వాలి. ఆ మధ్యలో ఆయన జీతం ఒక నెల ఆలస్యమైతే కిచెన్, ఇల్లు రెండూ ఒకేసారి ఆగుతాయి. ముందు ఆ 52 వేలు జమ చేయండి.

ఆ తర్వాత ఇంట్లోని పొయ్యి మీదే, ఉన్న గిన్నెలతోనే మొదలుపెట్టండి. 40 ఐటమ్స్ అంటే రోజూ మిగిలి పారేసే కూరలే. బగారా అన్నం, చికెన్ కూర, గుడ్డు కూర, చికెన్ బిర్యానీ, ఎగ్ బిర్యానీ చాలు. సరుకులు, డబ్బాలు అన్నింటికీ దాదాపు అవే. దోసె పెట్టకండి, డబ్బాలో ఆవిరికి మెత్తబడి రేటింగ్ పడిపోతుంది. 90 రూపాయల పెరుగన్నం విడిగా అమ్మితే 10 రూపాయల ప్యాకింగే తొమ్మిదో వంతు తినేస్తుంది, కాంబోలోనే ఇవ్వండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి. యూనివర్సిటీ వైపు హాస్టళ్లకు నేరుగా ఇవ్వగలిగితే కమిషనే ఉండదు.

ఇంకా డబ్బు కావాలంటే ముద్రా శిశు రుణం 50 వేల వరకు వస్తుంది, అదీ మూడు నెలలు నడిపాకే తీసుకోండి. అప్పటి యాప్ స్టేట్‌మెంట్లు తీసి, అన్ని ఖర్చులూ పోగా పార్సిల్‌కు 35 రూపాయలు మిగులుతున్నాయో లేదో చూడండి. మిగలకపోతే కిచెన్ కోసం గది అద్దెకు తీసుకోకండి.