ఒక్కసారి వేసుకున్న పెళ్లి లెహంగా: ఎంతకి అమ్మాలి?

ప్రశ్న: "రిసెప్షన్‌కి 62,000 పెట్టి లెహంగా కొన్నాం. మగ్గం వర్క్ బ్లౌజ్‌కి ఇంకో 8,000 అయింది. ఒక్కసారే వేసుకున్నాను. 50,000కి అమ్మకానికి పెట్టి రెండు నెలలైంది. అందరూ కొలతలు అడిగి మాట్లాడటం మానేస్తున్నారు. డ్రై క్లీనింగ్‌కి 2,500 అంటున్నారు, చేయించాలా?"

చేయించండి, ఈ వారమే. చెమట మరక మొదట్లో కనిపించదు, నెలలు గడిచాక పసుపు పచ్చగా తేలుతుంది. ఇచ్చే ముందు పగటి వెలుతురులో చంకల దగ్గర, మెడ వెనక, నేలకి రాసుకున్న అంచు లోపలి వైపు చూడండి. ఏ మరక దేనివల్ల పడిందో షాపువాళ్లకి చెప్పండి. రాళ్లు కుట్టినవా, జిగురుతో అంటించినవా అన్నదీ చెప్పాలి, ఎందుకంటే డ్రై క్లీనింగ్‌లో వాడే ద్రావకానికి జిగురు కరిగి రాళ్లు రాలిపోవచ్చు. తిరిగొచ్చాక ప్లాస్టిక్ కవర్ తీసేసి పాత కాటన్ చీరలో చుట్టండి. కవర్లో తేమ నిలిస్తే జరీ నల్లబడుతుంది. డ్రై క్లీనింగ్ బిల్లు ఫొటో కూడా ప్రకటనలో పెట్టండి.

ఇక కొలతలు. మీ సైజు ఎంతో చెబితే సరిపోదు, బట్టనే కొలిచి రాయాలి. బ్లౌజ్‌ని పరిచి ఒక చంక నుంచి ఇంకో చంకకి కొలవండి. 17.5 అంగుళాలు వస్తే ఛాతీ 35. తర్వాత తిరగేసి పక్క కుట్ల లోపల ఎంత బట్ట వదిలారో చూడండి. అంగుళం చొప్పున ఉంటే టైలర్ దాన్ని 38 దాకా వదులు చేయగలడు. మగ్గం వర్క్ పక్క కుట్టు మీదికి వచ్చి ఉంటే మాత్రం కుదరదు. భుజం కూడా పెద్దది చేయలేరు. లెహంగా పొడవు మీకోసం తగ్గించారా? బట్ట లోపలికి మడిచి కుట్టారా, కత్తిరించేశారా అన్నది తప్పక రాయండి. మడిచిందైతే పొడవాటి అమ్మాయికీ పనికొస్తుంది, కానీ విప్పిన చోట పాత సూది గుర్తులు కనిపించవచ్చు. మీరు ఎంత ఎత్తు హీల్స్‌తో వేసుకున్నారో కూడా చెప్పండి.

ధర విషయంలో 62,000 మర్చిపోండి, అది ఖర్చైపోయింది. కొనేవాళ్లు మార్పులకి అయ్యే ఖర్చు కూడా లెక్కేసుకుంటారు. మీ స్థానంలో నేనైతే రెండు ధరలు పెడతాను: బ్లౌజ్‌తో కలిపి 32,000, లెహంగా, దుపట్టా మాత్రమే అయితే 27,000. బ్లౌజ్ సరిపోనివాళ్లు కూడా అప్పుడు అడుగుతారు, ఆ బ్లౌజ్‌ని మీరు సాదా పట్టుచీర మీదికి వాడుకోవచ్చు. 27,000లో డ్రై క్లీనింగ్ 2,500, కొరియర్ ఓ 500 పోతే 24,000 చేతికొస్తుంది. బేరమాడితే ఇంకో రెండు వేలు తగ్గించండి, అంతకంటే దిగకండి.

డబ్బు పంపుతామంటూ ఎవరైనా క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా, యూపీఐ పిన్ కొట్టమన్నా ఆపేయండి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు.