టెక్ సందేహాలు: పుస్తకంలో 60–75, లెక్కలో 80. గుడ్డు ఎవరిది?

డీఎంఎల్‌టీ చదువుతున్నాను. మలం శాంపిల్‌లో కనిపించిన గుడ్డును 40x ఆబ్జెక్టివ్‌తో ఐపీస్ స్కేలు మీద కొలిస్తే 28 గడులు వచ్చింది. నా లెక్కలో అది 80 మైక్రాన్లు. మా ఫ్రెండ్ 280 అంటున్నాడు. హుక్‌వార్మ్ గుడ్డు 60–75 అని పుస్తకంలో ఉంది. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ. ఈ కాలమ్‌కి మామూలుగా ఫోన్ హ్యాంగ్ అవుతోందనే ఉత్తరాలే వస్తాయి కాబట్టి మీది చదివి హుషారొచ్చింది.

ముందు మీ ఫ్రెండ్ సంగతి. ఐపీస్‌లో కనిపించే స్కేలు, అంటే ఆక్యులర్ మైక్రోమీటర్, మీద ఉన్న గడులకు సొంత కొలత ఏమీ లేదు. ఆబ్జెక్టివ్ మారిస్తే గుడ్డు పెద్దదిగా కనిపిస్తుంది కానీ ఆ గీతలు అలాగే ఉంటాయి. కాబట్టి ఒక్కో గడికి ఎన్ని మైక్రాన్లో ప్రతి ఆబ్జెక్టివ్‌కీ విడిగా తేల్చుకోవాలి. చాలా మైక్రోస్కోపుల్లో 10x దగ్గర గడి సుమారు 10 మైక్రాన్లు వస్తుంది. మీ ఫ్రెండ్ ఆ పదితోనే 28ని గుణించేశాడు.

మీ తప్పు ఇంతకన్నా సన్నది. ఉత్తరంతో పాటు పంపిన లెక్క చూశాను. స్టేజ్ మైక్రోమీటర్ అనే కొలత గీతల స్లైడులో ఒక్క గడి, అంటే 0.01 మిల్లీమీటరు, ఐపీస్‌లో 3.5 గడులుగా కనిపించిందని రాశారు. 10ని 3.5తో భాగిస్తే 2.86. దాన్ని 28తో గుణిస్తే 80. లెక్క కరెక్టే, కొలిచిన దూరమే మరీ చిన్నది. అక్కడ మీ కన్ను అర గడి పొరబడింది. అసలు 4 గడులు ఉండాలి.

మళ్లీ ఇలా చేయండి. స్టేజ్ మైక్రోమీటర్ స్లైడుని గీతలున్న వైపు పైకి వచ్చేలా పెట్టండి. తిరగేసి పెడితే 40x దగ్గర ఫోకస్ కుదరదు, లెన్స్ స్లైడుకి తగలొచ్చు కూడా. ముందు 10xలో గీతలు వెతుక్కుని, తర్వాతే 40xకి రండి. ఐపీస్‌ని తిప్పుతూ రెండు స్కేళ్లనూ ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా తెచ్చి, ఎడమ చివర సున్నాని సున్నాతో కలపండి. 40xలో స్టేజ్ గీతలు లావుగా కనిపిస్తాయి. అందుకని గీత నడిమికి కాకుండా దాని ఎడమ అంచుకి కలపండి, రెండో చివరా అదే అంచు తీసుకోండి. ఇప్పుడు కుడివైపు వీలైనంత దూరంలో రెండు గీతలు సరిగ్గా కలిసే చోటు వెతకండి.

మీ మైక్రోస్కోపులో ఐపీస్ 80వ గీత స్టేజ్ 20వ గీతతో కలిసిందనుకుందాం. 20 గడులంటే 200 మైక్రాన్లు. 200ని 80తో భాగిస్తే గడికి 2.5. మీ గుడ్డు 28 గడులు, అంటే 70 మైక్రాన్లు. ఇక్కడ కూడా మీ కన్ను అదే అర గడి పొరబడి 79.5 అని చదివినా జవాబు 70.4 దగ్గరే ఆగుతుంది. దూరంగా కలిసే గీతని పట్టుకోమనేది ఇందుకే.

70కీ 80కీ తేడా ఎందుకంటే, గొర్రెలు, మేకల్లో ఉండే ట్రైకోస్ట్రాంగిలస్ అనే పురుగు అప్పుడప్పుడు మనుషుల్లోనూ కనిపిస్తుంది. దాని గుడ్డు 75–95 మైక్రాన్లు, చూడటానికి హుక్‌వార్మ్ గుడ్డులాగే ఉంటుంది. మీ 80 నేరుగా ఆ లెక్కలోకి పోయింది. అయితే సైజు ఒక్కటే చూసి తేల్చకండి. ట్రైకోస్ట్రాంగిలస్ గుడ్డుకి ఒక కొస కాస్త సన్నగా ఉంటుంది, హుక్‌వార్మ్ గుడ్డుకి రెండు కొసలూ గుండ్రమే. 74 వచ్చిందా 76 వచ్చిందా అని టెన్షన్ పడాల్సిన పని కూడా లేదు. గడికి 2.5 అయినప్పుడు రెండు మైక్రాన్ల తేడాని ఈ స్కేలు నమ్మకంగా చెప్పలేదు. అలాంటప్పుడు ఇంకో పది గుడ్లు కొలవండి.

కొలిచేటప్పుడు గుడ్డు రెండు కొసలూ ఒకేసారి స్పష్టంగా కనిపించాలి. ఒక కొస మసకగా ఉంటే గుడ్డు వాలి ఉన్నట్టు, కొలత తక్కువే వస్తుంది. కవర్‌స్లిప్‌ని సూదితో మెల్లగా తట్టితే అది పడుకుంటుంది. పెంకు బయటి అంచు నుంచి బయటి అంచు దాకా చదవండి.

గడికి 2.5 అని ఒక చీటీ మీద రాసి మైక్రోస్కోపుకి అంటించండి, కానీ పక్కన ఆబ్జెక్టివ్ పేరు, ఐపీస్ పేరు లేకుండా కాదు. మా పాత ల్యాబ్‌లో ఎవరో 10x ఐపీస్‌ తీసి ఆ స్కేలు బిళ్లని 15x ఐపీస్‌లోకి మార్చారు, చీటీ మాత్రం పాతదే. పాత లెక్కలు మోసం చేస్తున్నాయని తెలియడానికి రెండు వారాలు పట్టింది.

ఐపీస్‌కి ఫోన్ ఆనించి ఫొటో తీస్తే, జూమ్ చేశాక కొలత పాడవుతుందా?

ఐపీస్‌లోని స్కేలు కూడా ఫొటోలో పడితే పాడవదు. జూమ్ చేస్తే గుడ్డూ గీతలూ కలిసే పెరుగుతాయి, గడులు లెక్కపెట్టుకోవడమే. గుడ్డుని నడిమికి తెచ్చి తీయండి, ఎందుకంటే ఫొటో అంచుల్లో వంకర వస్తుంది. మూడో గొట్టానికి కెమెరా బిగిస్తే మాత్రం ఐపీస్ స్కేలు అందులో కనిపించదు. అప్పుడు అదే ఆబ్జెక్టివ్‌తో, అదే రిజల్యూషన్‌లో స్టేజ్ మైక్రోమీటర్‌ని ఒక ఫొటో తీసి, ImageJ అనే సాఫ్ట్‌వేర్‌లో 20 గడుల మీద గీత గీయండి. Analyze > Set Scale లోకి వెళ్లి Known distance దగ్గర 200, Unit of length దగ్గర um అని ఇవ్వండి. Global టిక్ చేస్తే తర్వాత తెరిచే గుడ్డు ఫొటోకీ అదే స్కేలు వర్తిస్తుంది. ఆబ్జెక్టివ్ మార్చినప్పుడు మాత్రం ఆ టిక్ తీసేయడం మరచిపోకండి.