ఈసీ షరతులు క్యాలెండర్‌లోకి రావట్లేదు

"ఫ్యాక్టరీకి వచ్చిన ఈసీ, అంటే పర్యావరణ అనుమతి లెటర్‌లో నలభైకి పైగా షరతులున్నాయి, తేదీలున్నవి నాలుగే. మేనేజర్‌కి క్యాలెండర్ ఎలా చేయాలి?"

చాలా షరతుల్లో గడువు తేదీగా ఉండదు, ఒక పనికి ముడిపడి ఉంటుంది.

1. షరతు నంబరు మార్చకుండా, పక్కన "ఎప్పటి నుంచి లెక్క" అని రాయండి: లెటర్ తేదీ, నిర్మాణం మొదలు, ఉత్పత్తి మొదలు.

2. షరతుల అమలుపై ఆరు నెలలకోసారి ఇచ్చే రిపోర్టు ఏ నెలలదో చూసుకోండి, చాలామంది వదిలేసేది ఇదే. జూన్ 1 రిపోర్టు అక్టోబర్–మార్చిది, డిసెంబర్ 1ది ఏప్రిల్–సెప్టెంబర్‌ది. చిమ్నీ శాంపిల్ మార్చిలోపు తీయకపోతే మేలో తీసినా ఆ లోటు పూడదు. అందుకే శాంపిల్ తేదీలు ముందు వేసి, రిపోర్టు తేదీ తర్వాత వేయండి. ల్యాబ్ ఆలస్యానికి కొన్ని వారాలు వదలండి, టెన్షన్ తగ్గుతుంది.

3. గ్రీన్‌బెల్ట్ లాంటి తేదీ లేని షరతులకు మూడు నెలలకోసారి తనిఖీ పెట్టండి, బాధ్యుడి పేరుతో.