గేటు దగ్గర నిలబడి చూడు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. గేటు, మెట్లు, సింహద్వారం, హాల్లో సోఫా అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. మా ఇల్లూ ఇలాగే కట్టించాను. భోజనానికి కూర్చుంటే వీధిలో పోయేవాళ్లందరికీ కంచంతో సహా కనిపించేవాళ్లం. విసుగొచ్చి ప్రహరీని 7 అడుగులకు లేపాను. గాలి ఆగిపోయింది, గేటు దగ్గర ఎవరు పిలుస్తున్నారో కూడా తెలిసేది కాదు. మీ అత్తయ్య నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

నీకు గోడ 5 అడుగులు చాలు. వరండా రోడ్డుకంటే 2 అడుగులు ఎత్తు కాబట్టి, నడిచిపోయే మనిషికి కుర్చీలో కూర్చున్నవాళ్ల ముఖమే కనిపిస్తుంది, ఒళ్లోని పళ్లెం కనిపించదు. పలకరించుకోవడానికి అంత కనిపిస్తే చాలు.

హాలు కనపడకుండా ఉండాలంటే మనుషులు నడిచే చిన్న గేటును గుమ్మానికి ఎదురుగా కాకుండా 4 అడుగులు పక్కకు జరుపు. వాస్తు సిద్ధాంతి గేటూ గుమ్మమూ ఉత్తరం సగంలోనే ఉండాలంటారు. ఉండనీ, ఆ సగంలోనే జరపొచ్చు. మిగిలిన చూపుకు వరండా అంచున మూడున్నర అడుగుల వెడల్పున జాలీ గోడ అడ్డు పెట్టు. పగలు లోపల చీకటి, బయట వెలుతురు కాబట్టి జాలీలోంచి ఏమీ కనపడదు. రాత్రి హాల్లో లైటు వేస్తే తిరగబడుతుంది, అంతా కనిపిస్తుంది. అందుకే వరండా లైటు జాలీకి వీధివైపు పెట్టించు. వచ్చినవాళ్లకు మెట్లూ కనపడతాయి.

ఈ కొలతలు కాగితం మీద నమ్మకు. బేస్‌మెంట్ లేచాక సోఫా వచ్చే చోట కుర్చీ వేసి ఒకరిని కూర్చోబెట్టు. జాలీ చోట ఇద్దరు చీర పట్టుకోవాలి. నువ్వు రోడ్డు మీద గేటు ఈ కొస నుంచి ఆ కొసకు నడువు. కూర్చున్నవాళ్లు ఎక్కడ కనపడితే అక్కడికి చీర జరిపించి, గోడకు గుర్తు పెట్టించు.

కారు గేటు సంగతి. మేస్త్రీలు గేటు నుంచే ర్యాంప్ మొదలుపెడతారు. అప్పుడు లోపలికి తెరిచే రెక్క ఎక్కుతున్న నేలకు గీసుకుంటుంది. మా వీధిలో చాలా ఇళ్లలో పార్కింగ్ టైల్స్ మీద విల్లులా గీత పడి ఉంటుంది, అదే. నీ గేటు 10 అడుగులు, ఒక్కో రెక్క 5. కాబట్టి లోపల ఐదున్నర అడుగులు సమంగా వదిలి, తర్వాతే వాలు ఇవ్వాలి. అడుగు ఎత్తుకు 8 అడుగుల పొడవు లెక్క. నీ పార్కింగ్ ఎక్కాల్సింది అర అడుగే, 4 అడుగులు సరిపోతుంది. ఆ ర్యాంప్‌ను రోడ్డు మీదికి మాత్రం దించొద్దు. కాలవ మూసుకుపోతుంది, అమ్మాయికి ముగ్గు వేసుకునే చోటూ ఉండదు.

కారు పక్కన నడవడానికి 3 అడుగులు విడిగా వదిలావా? ప్లాన్‌లో నాకు కనపడలేదు. వదలకపోతే వచ్చిన చుట్టాలు పట్టుచీరలతో కారు దుమ్ము రాసుకుంటూ రావాలి.

బేస్‌మెంట్ అయిన రోజు ఫోన్ చెయ్యి, చీర పట్టుకోవడానికి నేనూ వస్తాను.

మీ మావయ్య