k మార్చినా మొమెంట్ మారలేదంటే మ్యాట్ భద్రమని కాదు

ప్రశ్న: సార్, వేలచ్చేరిలో ఒక అపార్ట్‌మెంటుకి 20 మీటర్ల చదరపు మ్యాట్ పునాది మోడల్ చేస్తున్నాను. అడుగున బంకమట్టి. 300 మి.మీ. ప్లేట్ టెస్టులో వచ్చిన k, అంటే ఒత్తిడిని కుంగుబాటుతో భాగిస్తే వచ్చే మట్టి స్ప్రింగు బిరుసు, ఘనమీటరుకు 30,000 కిలోన్యూటన్లు. దాన్నే మ్యాట్ అంతటికీ ఇచ్చాను. సగానికి తగ్గించి చూసినా మొమెంట్లు పెద్దగా మారలేదు. డిజైన్ ఖాయం చేసుకోవచ్చా?
– ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్, చెన్నై

జవాబు: వద్దు. ఈ పరీక్ష చేసి ధైర్యం తెచ్చుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అంతటా ఒకే k ఉంటే, దాన్ని సగం చేసినప్పుడు కుంగుబాటు రెట్టింపవుతుంది, కానీ అంతటా ఇంచుమించు సమానంగానే. మ్యాట్ వంగకుండా మొత్తంగా కిందికి దిగితే మొమెంట్ ఎందుకు మారుతుంది?

మీ మోడల్ మట్టిని స్ప్రింగుల వరుసగా చూస్తుంది. 1867లో వింక్లర్ ఇచ్చిన ఈ నమూనాలో స్ప్రింగులు దేనికది విడి. పక్క స్ప్రింగు మీద ఎంత బరువున్నా దీనికి పట్టదు. నిజం మట్టిలో నడిమి భాగం తన బరువుతో పాటు చుట్టూ ఉన్న బరువుకీ కుంగుతుంది, మూలకి ఆ భారం తక్కువ. లోతైన, ఒకే తీరు మట్టిపై వంగే పలకకి సమభారం పెడితే మూల కుంగుబాటు నడిమి దానిలో సగమే అని ఎలాస్టిక్ సిద్ధాంతం చెబుతుంది. అంటే మ్యాట్ పళ్లెంలా వంగుతుంది. ఆ వంపుకి నడిమి భాగంలో అడుగు కడ్డీలే సాగాలి. మీ మోడల్‌కి ఆ వంపే కనబడదు కాబట్టి అక్కడ స్టీలు తగ్గిపోతుంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే, ఎందుకంటే స్క్రీన్ మీద ఎక్కడా ఎర్రగీత రాదు.

మీ 30,000 సంగతికొస్తే, నికర ఒత్తిడి చదరపు మీటరుకు 100 కిలోన్యూటన్లయితే కుంగుబాటు 3.3 మి.మీ. మాత్రమే. బంకమట్టి మీద అంత పెద్ద మ్యాట్‌కి ఇది నమ్మదగ్గ అంకె కాదు. 300 మి.మీ. ప్లేటు ఒత్తిడి అరమీటరు దాటి పెద్దగా దిగదు. మ్యాట్ ఒత్తిడి పదుల మీటర్ల లోతున్న మెత్తటి పొరల దాకా పోతుంది. k మట్టి గుణం కాదు, పునాది వెడల్పుతో మారే ఫలితం.

జియోటెక్ ఇంజినీరుని SBC, అంటే మట్టి భద్రంగా మోయగల ఒత్తిడి, ఒక్కటే అడిగి ఊరుకోకండి. పొరలవారీగా లెక్కగట్టి నడిమిలో, అంచులో, మూలలో కుంగుబాటు ఎంతో చెప్పమనండి. అదే 100 కిలోన్యూటన్ల ఒత్తిడికి నడిమిలో 50, మూలలో 25 మి.మీ. అన్నారనుకుందాం. అప్పుడు k నడిమిలో 2,000, మూలలో 4,000. ఈ విలువలతో మోడల్ నడిపి, వచ్చిన అడుగు ఒత్తిళ్లను ఆయనకి తిరిగి పంపండి. మ్యాట్ బిరుసువల్ల ఒత్తిడి అంచులకి జరుగుతుంది కాబట్టి కుంగుబాటు లెక్క మారుతుంది. ఒత్తిళ్లు స్థిరపడే దాకా ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాగాలి. సాధారణంగా కొన్ని విడతల్లో కుదురుకుంటుంది.

ఇంతటి విషయానికి ఒకే గడి పెట్టి, అందులో ముందే ఒక అంకె నింపి ఉంచే సాఫ్ట్‌వేర్ల మీద నాకు మంట. SBC ఇస్తే k తానే లెక్కేసే బటన్ అయితే మరీ ప్రమాదం. కనీసం "ఈ ఒత్తిడికి ఇంత కుంగుబాటు, సరేనా?" అని పక్కన చూపించలేరా? ఇక పక్క ప్లాట్‌లో రేపు లేచే బిల్డింగు మీ మట్టిని ఎంత కుంగదీస్తుందో ఏ విడి స్ప్రింగూ చెప్పదు. ఆ లెక్క కూడా జియోటెక్ ఇంజినీరు చేతే వేయించండి.