వర్గాల వారీగా కూడారు, మొత్తంతో సరిచూశారా?

ప్రశ్న: మాది పలాస. నేను జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు చూస్తాను, మా ఆవిడ ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరికీ కలిపి నెలకు 42,000 వస్తుంది. ఖర్చులన్నీ ఫోనులోనే షీటులో రాసి, SUMIF తో వర్గాల వారీగా కూడితే నెలకు 24,600 తేలింది. ఆరు నెలలకు సరిపడా 1,50,000 బ్యాంకులో ఉంది. 14 శాతం వడ్డీకి 3 లక్షల వ్యక్తిగత రుణం తీసుకుని, మూడేళ్లలో తీర్చేలా, షేర్లలో పెట్టవచ్చా? షీటు పంపుతున్నాను.

జవాబు: వద్దండి. మీరు ఆధారపడుతున్న 24,600 అనే అంకే తప్పు. మీ ఖర్చుల కాలమ్‌ను ఏ షరతూ లేకుండా కూడి చూశాను.

```
=SUM(C2:C61)
```

33,850 వచ్చింది. అంటే 9,250 రూపాయల ఖర్చు మీ ఆరు వర్గాల్లో దేనిలోకీ చేరలేదు. SUMIF మీరిచ్చిన మాటతో సరిపోయిన వరుసలనే కూడుతుంది. సరిపోనివాటిని వదిలేస్తుంది, వదిలేశానని చెప్పదు. ఇలాంటి షీట్లు నాకు తరచుగా వస్తుంటాయి, తప్పు దాదాపు ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది.

మీ ఫార్ములాలో "కిరాణా" అని ఉంది. షీటులో మూడు చోట్ల దీర్ఘం లేకుండా "కిరాణ" అని రాశారు. మనకు రెండూ ఒకటే, షీటుకు వేర్వేరు. అక్కడ 2,150 జారిపోయింది. మందుల దగ్గర తప్పు కంటికి కూడా కనిపించదు. 17వ వరుసలో "మందులు" అనే ఉంది, కానీ =LEN(B17) వేస్తే 7 చూపిస్తోంది. గుణింతపు గుర్తులను, సున్నను విడిగా లెక్కపెట్టినా ఆ మాటకు రావలసింది 6. ఏడోది చివర ఉన్న ఖాళీ. ఫోను కీబోర్డు సూచించిన మాటను నొక్కితే దాని వెనుక ఒక ఖాళీ తనంతట తానే పడుతుంది. అలా 1,900 పోయింది. పాలకు ఇచ్చిన 2,000 పక్కన వర్గమే రాయలేదు. బండి వాయిదా 3,200 కు వర్గం రాశారు గాని, దాన్ని కూడే SUMIF పెట్టలేదు. జీతం ఆగినా వాయిదా ఆగదు, కాబట్టి అత్యవసర నిధి లెక్కలో ముందుగా ఉండవలసిన ఖర్చు అదే.

ఇంకొకటి SUM కూ దొరకలేదు. బడి వ్యాను డబ్బును "1800 రూ." అని రాశారు. అంకె పక్కన అక్షరం చేరితే ఆ సెల్ మాట అయిపోతుంది, కూడికలోకి రాదు. దీన్ని పట్టుకోవడానికి రెండు లెక్కలు పక్కపక్కన చూడాలి.

```
=COUNTA(C2:C61)
=COUNT(C2:C61)
```

మొదటిది నిండిన సెల్‌లను, రెండోది అంకెలున్న సెల్‌లను లెక్కిస్తుంది. మీకు 60, 59 వచ్చాయి. ఆ ఒక్క తేడా వ్యానుదే. దాన్నీ కలిపితే మీ అసలు ఖర్చు 35,650.

ఆరు నెలలకు 2,13,900 కావాలి. మీ దగ్గరున్నది నాలుగు నెలలకు కాస్త పైన వస్తుంది, అంతే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చింది. ఆ జీడి మీద నడిచే పరిశ్రమలో జీతం తీసుకుంటున్న మీరు ఆరు నెలల నిధికి ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు.

ఇక రుణం. దాని వాయిదా నెలకు సుమారు 10,250. మీకు నిజంగా మిగిలేది 6,350. మొదటి నెల నుంచే నిధిలో చేయి పెట్టవలసి వస్తుంది. మిగులు ఎంత ఉన్నా, 14 శాతం వడ్డీకి అప్పు తెచ్చి షేర్లలో పెట్టడాన్ని నేను ఒప్పుకోను. షేర్లు పడిన నెలలో కూడా వాయిదా కట్టాల్సిందే. సిప్ సంగతి నిధి నిండాక చూద్దాం.

ముందు షీటు బాగుచేయండి. వర్గాల పేర్లను F కాలమ్‌లో F2 నుంచి ఒక్కసారి రాయండి. `Data validation` తో B కాలమ్‌కు ఆ జాబితానే పెడితే, ఇకపై టైపు చేయకుండా ఎంచుకోవచ్చు. పాత వరుసలను కూడా ఆ జాబితా నుంచే మళ్లీ ఎంచుకోండి. వ్యాను సెల్‌లో 1800 మాత్రమే ఉంచండి. G2 లో ఈ ఫార్ములా వేసి కిందికి లాగండి.

```
=SUMIF($B$2:$B$500,F2,$C$2:$C$500)
```

డాలరు గుర్తులు మరవకండి. అవి లేకపోతే లాగిన కొద్దీ పరిధి కిందికి జరిగి పై వరుసలు లెక్కలోంచి జారిపోతాయి. చివరగా పక్కన ఒక సెల్‌లో తేడా చూపించండి.

```
=SUM(C2:C500)-SUM(G2:G20)
```

నిధిలో ఇంకా 63,900 తక్కువ ఉంది. నెలనెలా మిగిలే 6,350 ఆర్‌డీలో వేస్తే సుమారు పది నెలల్లో నిండుతుంది. వచ్చే నెల ఖర్చులు రాశాక ఆ తేడా సెల్ సున్నా చూపించాలి, C2:C500 కు వేసిన COUNTA, COUNT ఒకే అంకె చూపించాలి. అప్పుడు వచ్చిన మొత్తంతో ఆరు నెలల లెక్క మళ్లీ వేసి నాకు రాయండి.